గీత దాటగానే విండో ఎందుకు ఉబ్బుతుంది?

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, కొత్త మానిటర్‌లో ఏదో లోపం ఉంది. వారంలోపు తెస్తే మార్చి ఇస్తానన్నాడు షాపతను. నువ్వొకసారి చూసి చెబితే తీసుకెళ్లిపోతాను" అంది. ఆ అమ్మాయి ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తుంది, ఇంట్లోంచే లెక్కలు రాస్తుంది. ఇన్నాళ్లూ 14 అంగుళాల లాప్‌టాప్ మీదే నెట్టుకొచ్చింది. మెడ నొప్పి మొదలయ్యాక 24 అంగుళాల మానిటర్ కొని పక్కన పెట్టుకుంది. ఎడమ పక్క లాప్‌టాప్, కుడి పక్క మానిటర్.

వెళ్లి కూర్చున్నాను. ఆమె మానిటర్ మీద బ్రౌజర్ తెరిచి, దాని పైపట్టీని మౌస్‌తో పట్టుకుని మెల్లగా లాప్‌టాప్ వైపు లాగింది. ముందుగా లాప్‌టాప్ తెర కుడి అంచులో విండో మొన కనబడింది. అందులో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మానిటర్ మీద మిగిలిన భాగంలో మాత్రం అవే అక్షరాలు మామూలుగా ఉన్నాయి. ఇంకాస్త లాగింది. సగం దాటిందో లేదో, విండో మొత్తం ఒక్కసారిగా ఉబ్బింది. ఇప్పుడు లాప్‌టాప్ మీద అక్షరాలు బాగున్నాయి, మానిటర్ మీద మిగిలిన ముక్కలో గోడ మీద పోస్టర్‌లా పెద్దవైపోయాయి. "చూశావా, ఎలా ఎగురుతోందో!" అంది.

మానిటర్‌లో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఒక్క మాటలో చెబితే ఆమె నమ్మేలా లేదు. అందుకని కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెమ్మన్నాను.

రెండు తెరలకూ సెట్టింగుల్లో 1920 × 1080 అనే ఉంది. "రెండూ ఫుల్ హెచ్‌డీయే కదా, మరి తేడా ఎందుకు రావాలి?" అని అడిగింది. అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. రెండు తెరల్లోనూ అడ్డంగా 1920 పిక్సెళ్లే ఉన్నాయి. పిక్సెల్ అంటే తెర వెలిగించగల అతి చిన్న చుక్క. టేపు పెట్టి కొలిస్తే లాప్‌టాప్ తెర వెడల్పు 12.2 అంగుళాలు, మానిటర్ వెడల్పు 20.9 అంగుళాలు. మగ్గం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అవే 1920 పోగులను ఒక మగ్గం మీద 12 అంగుళాల పన్నాలో నేశారు, ఇంకో మగ్గం మీద 21 అంగుళాల పన్నాలో నేశారు. మొదటిది దట్టమైన నేత, రెండోది పలచని నేత. లాప్‌టాప్‌లో అంగుళానికి 157 పిక్సెళ్లు వస్తే మానిటర్‌లో 92 వస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే మానిటర్ మీద చుక్కలు కంటికి కనబడతాయి, ఒక్కోటి మిల్లీమీటరులో పావుకు కాస్త ఎక్కువ. లాప్‌టాప్ చుక్క మిల్లీమీటరులో ఆరో వంతు.

ఇప్పుడు 1000 పిక్సెళ్ల వెడల్పున్న విండో ఒకటి తీసుకుందాం. మానిటర్ మీద అది 10.9 అంగుళాలు వస్తుంది, టైలర్ల లెక్కలో 11కు ఒక నూలు తక్కువ. అదే 1000 పిక్సెళ్లను లాప్‌టాప్ మీద పరిస్తే 6.4 అంగుళాలకు కుదించుకుపోతుంది. లాగడం మొదలుపెట్టగానే లాప్‌టాప్ అంచులో కనబడిన చీమల అక్షరాలు ఇవే. విండోలో ఏమీ మారలేదు, దాన్ని పరిచిన నేత దట్టమైంది, అంతే.

ఈ చీమల అక్షరాలను ఎవరూ చదవలేరు కాబట్టే స్కేలింగ్ వచ్చింది. విండోస్ మొదటి నుంచీ ఒక కొలతను పట్టుకుని నడుస్తోంది. అంగుళానికి 96 పిక్సెళ్లుంటే అది 100 శాతం. ప్రోగ్రాం రాసేవాళ్లు బటన్ ఇన్ని పిక్సెళ్లు, అక్షరం ఇన్ని పిక్సెళ్లు అని ఆ లెక్కమీదే వేసుకునేవారు. తెర దట్టమైనదైతే విండోస్ ప్రోగ్రాంకు చెప్పే లెక్క మారుతుంది. 150 శాతం పెడితే "ఇక్కడ అంగుళానికి 144 అనుకుని గీయి" అంటుంది. ప్రోగ్రాం ప్రతిదాన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దగా గీస్తుంది. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో స్కేల్ 150 అని ఉంది. ఆమె పెట్టుకున్నది కాదు, కొన్న రోజు నుంచీ అలాగే ఉంది. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్‌లకు విండోస్ సాధారణంగా సిఫారసు చేసే అంకె అదే. మానిటర్‌కు 92 పిక్సెళ్లే కాబట్టి, 96కు దగ్గరని 100 శాతం పెట్టింది. అంటే ఒకే బల్ల మీద రెండు లెక్కలు నడుస్తున్నాయి, రెండు తెరల మధ్య గీత దగ్గర అవి మారాలి.

ఎప్పుడు మారాలి, ఎలా మారాలి అన్నది తేలికైన సంగతి కాదు.

విండోలో ఏ భాగం ఏ తెర మీద ఉంటే ఆ భాగానికి ఆ లెక్క వాడొచ్చు కదా అనిపిస్తుంది. ఆ అమ్మాయీ అదే అడిగింది. కానీ ప్రోగ్రాం తన విండోను ఒకే కాగితంలా గీస్తుంది. వాక్యం ఎక్కడ విరిగి కింది వరుసలోకి వెళ్లాలి, పట్టికలో ఏ గడి ఎంత వెడల్పు, బటన్ ఎక్కడ కూర్చోవాలి అన్నవన్నీ ఒకే లెక్క మీద తేలాలి. ఎడమ సగం ఒకటిన్నర రెట్లు, కుడి సగం ఒక రెట్టు అంటే, రెండు సగాలను దాటే ఒకే వాక్యం మధ్యలో ఎత్తు మారిపోవాలి. దాని కింది వరుస ఎక్కడ మొదలవ్వాలో చెప్పడానికి దారే ఉండదు. అందుకే విండోకు ఏ క్షణానైనా ఒక్కటే లెక్క. ఎక్కువ వైశాల్యం ఏ తెర మీద ఉందో ఆ తెర లెక్క. గీత మీద నిలబెట్టినంతసేపూ రెండు తెరల్లో ఏదో ఒకదాని మీద అది తప్పు సైజులోనే కనబడుతుంది. దీనికి ఇంతవరకు మందు లేదు.

ఆ సగం దాటే క్షణాన్ని పట్టుకుని చూద్దాం. మన 1000 పిక్సెళ్ల విండోలో 510 పిక్సెళ్లు లాప్‌టాప్ మీదికి వచ్చాయి, 490 మానిటర్ మీద మిగిలాయి. ఎక్కువ భాగం లాప్‌టాప్‌ది అయింది. విండోస్ వెంటనే ఆ ప్రోగ్రాంకు ఒక కబురు పంపుతుంది. దాని పేరు `WM_DPICHANGED`. "నీ లెక్క 96 కాదు, ఇప్పుడు 144. నీకు సరిపోయే కొత్త చోటు, కొత్త సైజు ఇవి" అని దాని సారాంశం. ప్రోగ్రాం 1000 పిక్సెళ్ల విండోను 1500 చేసుకుని, అక్షరాలను, బొమ్మలను, గీతలను కొత్త లెక్కలో మళ్లీ గీస్తుంది. మనకు కనబడే దూకుడు ఇదే. మార్పు మెల్లగా రాదు, ఎందుకంటే 96కూ 144కూ మధ్య ఆగడానికి చోటు లేదు. ఆ క్షణంలో మానిటర్ మీద ఇంకా మిగిలి ఉన్న ముక్క 1500 పిక్సెళ్ల విండోలోది. ఆ లెక్కన మానిటర్ మీద పూర్తిగా పరిస్తే అది 16 అంగుళాలు దాటుతుంది. పోస్టర్ అక్షరాలు అక్కడివి.

విండో పూర్తిగా లాప్‌టాప్ మీదికి వచ్చాక టేపు పెట్టాను. 9.5 అంగుళాలు. మానిటర్ మీద 10.9 ఉన్నది ఇక్కడ 9.5 అయింది. "అంత హంగామా చేసి సైజు సమానం కూడా చేయలేదా?" అంది. చేయలేదు. సమానం కావాలంటే రెండు తెరల దట్టం ఎన్ని రెట్లో, స్కేల్ కూడా అన్ని రెట్లే ఉండాలి. పిక్సెళ్లు సమానం కాబట్టి ఆ నిష్పత్తి 24ను 14తో భాగిస్తే వస్తుంది, సుమారు 1.71. స్కేల్ 1.5 దగ్గరే ఆగింది. జాబితాలో 175 శాతం కూడా ఉంది, దాన్ని పెడితే అంగుళాల్లో దాదాపు సమానమవుతుంది. కానీ అప్పుడు లాప్‌టాప్ తెర మీద పట్టే సరుకు పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. పైగా లాప్‌టాప్‌ను మనం మానిటర్ కంటే దగ్గరగా పెట్టుకుని చూస్తాం. దగ్గర ఉన్న వస్తువు కాస్త చిన్నదైనా కంటికి అంతే కనబడుతుంది. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని చూస్తే రెండు చోట్లా అక్షరాలు ఒకేలా ఉన్నాయని తనే ఒప్పుకుంది. విండోస్ కాపాడాలనుకునేది టేపు కొలతను కాదు, చదవడానికి వీలుగా ఉండడాన్ని. ప్రొజెక్టర్ తగిలిస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గోడ మీద పడే బొమ్మ ఎన్ని అంగుళాలో కంప్యూటర్‌కు తెలిసే దారే లేదు, అక్కడ అంగుళాల లెక్కకు అర్థం కూడా లేదు.

కబురులో విండోస్ కొత్త సైజుతో పాటు కొత్త చోటు కూడా చెబుతుందని అన్నాను కదా, ఆ చోటు చెప్పడం ఎందుకో చూడాలి. కొన్ని ప్రోగ్రాంలు గీత దగ్గర ఆగి వణుకుతాయి. పెద్దదై, చిన్నదై, మళ్లీ పెద్దదై, మౌస్ వదిలేదాకా కొట్టుకుంటాయి. మన 510, 490 ఉదాహరణే తీసుకోండి. ప్రోగ్రాం విండోస్ చెప్పిన చోటును పట్టించుకోకుండా, తన ఎడమ అంచును ఉన్నచోటే ఉంచి కుడివైపు మాత్రమే పెరిగిందనుకుందాం. లాప్‌టాప్ మీద 510 పిక్సెళ్లే ఉంటాయి, పెరిగినదంతా కుడివైపు మానిటర్ మీదికి పోయి అక్కడ 990 అవుతాయి. ఇప్పుడు ఎక్కువ భాగం మానిటర్‌ది. విండోస్ మళ్లీ కబురు పంపుతుంది, "నీ లెక్క 96" అని. ప్రోగ్రాం 1000కి కుదించుకుంటుంది. లాప్‌టాప్ మీద 510, మానిటర్ మీద 490. మళ్లీ 144 కబురు. మొదటికొచ్చింది కథ. విండోస్ సూచించే చోటు ఈ గిరగిరను తప్పించేలా, పట్టుకున్న మౌస్ బాణం విండోలో అదే స్థానంలో ఉండేలా లెక్కవేసి ఇస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్న ప్రోగ్రాం ఒక్కసారి దూకి ఊరుకుంటుంది. సొంత తెలివి వాడినది వణుకుతుంది. కాబట్టి వణుకు కనబడితే అనుమానించాల్సింది ఆ ప్రోగ్రాంను, మానిటర్‌ను కాదు.

బ్రౌజర్ సంగతి తేలింది. ఆ అమ్మాయికి అంతకంటే పెద్ద బాధ ఆడిటర్ ఇచ్చిన పాత లెక్కల ప్రోగ్రాంతో. దాన్ని లాప్‌టాప్ మీదికి లాగితే రెండు ముప్పులు. ఒకటి, అక్షరాలు మంచులోంచి చూసినట్టు మసకబారుతాయి. రెండు, వోచర్ నింపే విండో అడుగున ఉండాల్సిన సేవ్ బటన్ కనబడదు.

రెండోది కూడికతో తేలిపోయింది. ఆ విండో మానిటర్ మీద 700 పిక్సెళ్ల ఎత్తు. లాప్‌టాప్ మీద ఒకటిన్నర రెట్లయితే 1050. తెర ఎత్తు 1080 కదా, సరిపోవాలి అనిపిస్తుంది. కానీ అడుగున టాస్క్‌బార్ ఉంది. విండోస్ 11లో అది 100 శాతం దగ్గర 48 పిక్సెళ్లు, 150 దగ్గర 72. మిగిలేది 1008. విండోను తెర పై అంచుకు ఆనించి పెట్టినా అడుగున 42 పిక్సెళ్లు టాస్క్‌బార్ కిందికి పోతాయి. సేవ్ బటన్ సరిగ్గా ఆ 42లో ఉంది. ఆ విండో అంచులు పట్టి చిన్నది చేయడానికి వీల్లేని రకం. 150 శాతం పెట్టిన ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్, ప్రోగ్రాం దృష్టిలో 1280 × 720 తెరతో సమానం. కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మసక సంగతికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒక ప్రోగ్రాం పనిచేస్తున్నంతసేపూ లెక్క మారుతుందని, అదీ ఒక తెర నుంచి ఇంకో తెరకు పోతే మారుతుందని పాతకాలంలో ఎవరూ అనుకోలేదు. తెరకో స్కేల్ అన్న పద్ధతి విండోస్‌లోకి 2013లో, 8.1తో వచ్చింది. దాన్ని ప్రోగ్రాం రాసేవాళ్లకు సులువు చేసిన రెండో రూపం 2017లో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్‌లో చేరింది. అంతకు ముందు రాసిన ప్రోగ్రాంలకు ఆ కబురు పంపినా అర్థం కాదు. కొన్నింటికైతే అసలు స్కేలింగ్ అనేది ఉందనే తెలియదు, అవి ఎప్పుడూ 96 లెక్కలోనే గీస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే లాప్‌టాప్ మీద చీమల అక్షరాలే వస్తాయి. అందుకని విండోస్ మధ్యలో చేయి పెడుతుంది. ప్రోగ్రాం గీసిన చిన్న బొమ్మను తీసుకుని, ఫోటోను సాగదీసినట్టు ఒకటిన్నర రెట్లు సాగదీసి చూపిస్తుంది. సైజు సరిపోతుంది, పదును పోతుంది.

ఎందుకు పోతుందో భూతద్దంలో కనబడింది. ప్రోగ్రాం ఒక పిక్సెల్ మందంతో నల్లగీత గీసింది. దాన్ని ఒకటిన్నర పిక్సెళ్లు చేయాలి. అర పిక్సెల్‌ను వెలిగించడం కుదరదు. కాబట్టి ఒక పిక్సెల్ నల్లగా, దాని పక్కది బూడిదరంగుగా వస్తుంది. గీత అంచు మసకబారినట్టు మనకు తోస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఈ దెబ్బను తట్టుకుంటాయి. తెలుగు తట్టుకోదు. మన లిపిలో తేడా అంతా చిన్న చిన్న గీతల్లో ఉంది. 'ద'కూ 'ధ'కూ, 'డ'కూ 'ఢ'కూ మధ్య ఉన్నది అడుగున ఒక చిన్న నిలువు గీత. వరుస కింద వేలాడే వత్తులు అసలే సగం సైజు. సాగదీతలో ఆ గీత పక్క రంగులో కలిసిపోతే 'ధనం' 'దనం' అవుతుంది. ప్రూఫులు చూసేవాళ్లకు ఇది విసుగుతో పోయే విషయం కాదు, తప్పు అచ్చయిపోయే విషయం. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్న పేజ్‌మేకర్ 7 బయటికి వచ్చింది 2001లో. ఈ పద్ధతులేవీ అప్పటికి పుట్టలేదు. అలాంటి ప్రోగ్రాంలో దిద్దుబాటు చేసేవాళ్లు దాన్ని 150 శాతం తెర మీద పెట్టుకుంటే కళ్లకే కాదు, పనికీ చేటు.

అదే ప్రోగ్రాంను 100 శాతం మానిటర్ మీద పెడితే సాగదీయాల్సిన అవసరం లేదు. అది గీసింది గీసినట్టు, ఒక పిక్సెల్‌కు ఒక పిక్సెల్, పదునుగా కనబడుతుంది. ఖరీదైన దట్టమైన తెర మీద మసకగా ఉన్నది, పలచని మామూలు మానిటర్ మీద స్పష్టంగా ఉండడం వింతగా తోచినా కారణం ఇదే.

వీటి మధ్య ఇంకో రకం ఉంది. స్కేలింగ్ అంటే తెలుసు, కానీ ఒక్క లెక్కే తెలుసు. లాగిన్ అయినప్పుడు ప్రధాన తెరగా ఏది ఉందో దాని లెక్క తీసుకుని ఆ రోజంతా దాంతోనే గీస్తుంది. లాప్‌టాప్ ప్రధాన తెర అయితే లాప్‌టాప్ మీద పదునుగా, మానిటర్ మీద కుదించి మసకగా ఉంటుంది. మానిటర్‌ను ప్రధాన తెర చేస్తే తిరగబడుతుంది. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి, కాఫీ తాగొచ్చి, తర్వాత మానిటర్ తగిలించి దాన్ని ప్రధాన తెర చేసుకుంటే కొన్ని ప్రోగ్రాంలు మసకగానే ఉండడానికి కారణం ఇదే. ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వస్తే కొత్త లెక్క తీసుకుంటాయి.

ఏ ప్రోగ్రాం ఏ రకమో ఊహించుకోనక్కర్లేదు. కంటికే తెలుస్తుంది. గీత దాటగానే దూకి, పదునుగా ఉంటే అది కబురు అర్థం చేసుకున్నది. దూకి, మసకబారితే విండోస్ సాగదీస్తోంది. దూకకుండా అలాగే ఉండి, లాప్‌టాప్ మీద చీమలైపోతే, "నేను చూసుకుంటాను" అని విండోస్‌కు చెప్పి ఏమీ చూసుకోనిది. ఈ మూడో రకమే నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే అది మాటిచ్చింది కాబట్టి విండోస్ సాగదీసి కూడా ఆదుకోదు. కాగితం మీద రుజువు కావాలంటే టాస్క్ మేనేజర్ తెరిచి `Details` పేజీలో నిలువు వరుసల పేర్ల మీద కుడి క్లిక్ చేసి, `Select columns` లోంచి `DPI Awareness` అన్నది ఎంచుకోవాలి. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాం పక్కన దాని రకం కనబడుతుంది. ఆ అమ్మాయి లెక్కల ప్రోగ్రాంకు ఎదురుగా స్కేలింగ్ తెలియనిదనే ఉంది. బ్రౌజర్ పక్కన తెరకో లెక్క పాటించేదని ఉంది.

మాక్ వాడేవాళ్లు మాకిది లేదు అంటుంటారు. కొంత నిజం. అక్కడ ప్రోగ్రాంలు పిక్సెళ్లలో కాకుండా పాయింట్లలో లెక్క వేసుకుంటాయి. రెటీనా తెర మీద ఒక పాయింటుకు అడ్డంగా రెండు, నిలువుగా రెండు పిక్సెళ్లు, మామూలు తెర మీద ఒక పాయింటుకు ఒకటి. ఒకటిన్నర అన్న తంటా ప్రోగ్రాం దాకా రాదు. పైగా 2013 నుంచి మామూలు సెట్టింగులో విండో ఏదో ఒక తెర మీదే కనబడుతుంది, గీత మీద సగం సగం నిలబడదు. అంటే సగం తెర మీద తప్పు సైజు కనబడే చిక్కును వాళ్లు పరిష్కరించలేదు, ఆ పరిస్థితే రాకుండా చేశారు.

మళ్లీ మా ఇంటి బల్ల దగ్గరికి వద్దాం. ముందు మానిటర్‌ను ప్రధాన తెర చేశాం. లెక్కల ప్రోగ్రాంకు స్థానం అక్కడే అని ఖాయం చేశాం. 100 శాతం దగ్గర అది పదునుగా ఉంది, సేవ్ బటన్ కనబడుతోంది. బ్రౌజర్, మెయిల్ లాప్‌టాప్ మీదికి వెళ్లాయి, గీత దాటి వెళ్లగలిగినవి అవే కాబట్టి. లాగుతూ ఉబ్బడం చూడ్డం ఇష్టం లేకపోతే విండోస్ మీట, షిఫ్ట్, బాణం మీట కలిపి నొక్కమన్నాను. విండో గీత మీద ఆగకుండా నేరుగా అవతలి తెర మీదికి చేరుతుంది. సైజు అప్పుడూ మారుతుంది, కానీ సగం సగం కనబడే దశ ఉండదు.

ఎప్పుడైనా మానిటర్ లేకుండా లాప్‌టాప్ మీదే లెక్కల పని చేయాల్సి వస్తే ఎలా అని అడిగింది. అప్పటికి రెండు దారులు చూపించాను. ఒకటి, `Settings` లో `System`, `Display` కి వెళ్లి లాప్‌టాప్ బొమ్మను ఎంచుకుని `Scale` ను 125కి దించడం. 700 ఎత్తు విండో 875 అవుతుంది, టాస్క్‌బార్ 60 పోగా మిగిలిన 1020లో హాయిగా పడుతుంది. అక్షరాలు కాస్త చిన్నవవుతాయి. రెండోది మసక తగ్గించడానికి. ఆ ప్రోగ్రాం గుర్తు మీద కుడి క్లిక్, `Properties`, `Compatibility`, `Change high DPI settings`. అక్కడ అడుగున ఉన్న పెట్టెలో టిక్ పెట్టి `System (Enhanced)` ఎంచుకుంటే, విండోస్ ఫోటోలా సాగదీయకుండా అక్షరాలను పెద్ద సైజులో మళ్లీ గీయడానికి ప్రయత్నిస్తుంది. పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాంలలో అక్షరాలు తేటపడతాయి, బొమ్మలు మాత్రం మసకగానే ఉంటాయి. కొన్ని ప్రోగ్రాంలలో ఏమీ మారదు, కొన్నింటిలో విండో చెదురుతుంది. చెదిరితే టిక్ తీసేయడమే. ఆమె ప్రోగ్రాంలో పనిచేసింది, అంకెలు తేటగా వచ్చాయి. అదే పెట్టెలో `Application` అని ఇంకో మాట ఉంది. స్కేలింగ్ తెలియని ప్రోగ్రాంకు అది పెడితే చీమల అక్షరాలు తిరిగొస్తాయి, దాన్ని ముట్టుకోవద్దన్నాను.

మానిటర్ షాపుకు తిరిగి వెళ్లలేదు. ఇంకా కొనని వాళ్లకు ఒక మాట. మానిటర్ ఎంచుకునేటప్పుడు అంగుళాలు, హెచ్‌డీ అన్న మాటల దగ్గరే ఆగకండి. మీ లాప్‌టాప్‌కు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో, కొనబోయే మానిటర్‌కు ఎన్నో లెక్క కట్టండి. అడ్డంగా ఉన్న పిక్సెళ్లను అంగుళాల్లో తెర వెడల్పుతో భాగిస్తే చాలు. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్‌కు 157. 27 అంగుళాల 4కే మానిటర్‌కు 163. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రెండిటికీ 150 శాతం పెడితే లెక్క ఒక్కటే అవుతుంది, గీత దగ్గర విండో సైజు మారదు.